డిక్కీలో చింతగింజలు

అమ్మమ్మ సంవత్సరీకానికి పర్లాకిమిడి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక మావయ్య నడవలో ఉన్న ఇనప బీరువా తాళం తీశాడు. తలుపు తెరవగానే ముందు నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది, ఆ తర్వాత పాత పట్టుచీరల వాసన. పై అరలో బొమ్మల కొలువు పెట్టె. అందులో పాత ధోవతి ముక్కలో చుట్టి ఉన్నదాన్ని తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదిగోనే అమ్మలూ, నీ నిక్కీ."

నాది కాదు, మావయ్యదే. కానీ ఆ ఇంట్లో పుట్టిన ప్రతి గుంటా అది తనదేనని దెబ్బలాడాడు. నా అరచేతి కంటే కొంచెం పొడుగు. ఒకప్పుడు నీలం రంగు. బానెట్ అంచుల్లో, పైకప్పు మీద రంగు పెచ్చులూడి బూడిదరంగు లోహం కనిపిస్తుంది. ముక్కుతో వాసన చూశాను. అరిగిపోయిన నాణేల వాసన. చిన్నప్పుడు కూడా ఇలాగే వాసన చూసేదాన్నని, అమ్మమ్మ "కుక్కపిల్లలా అదేటి" అని తిట్టేదని గుర్తొచ్చింది.

ఈ కారు గురించి నాకు తెలిసినదంతా ఐదువేల మైళ్ల దూరంలో తెలిసింది. ఆ కథ మావయ్యకి ముక్కలుముక్కలుగా ఫోన్లో చెప్పాను. ఆరోజు మొదటిసారి వరసగా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

*

మా ఇల్లు పర్లాకిమిడిలో రాజావారి కోటకి వెనక వీధుల్లో. మా వీధిలో ఎడమ వైపంతా తెలుగు, కుడి వైపు సగం ఒడియా. ఎదురింటి మావుసి సంక్రాంతికి మకర చావుళ కలిపి ఇచ్చేది. నానబెట్టిన బియ్యం, బెల్లం, అరటిపండు, కొబ్బరి. మేం అరిసెలు ఇచ్చేవాళ్లం. ఆవిడ ఒడియాలో అడిగితే అమ్మమ్మ తెలుగులో జవాబు చెప్పేది, ఇద్దరికీ ఎప్పుడూ అనువాదం కావలసి రాలేదు.

పొద్దున చిన్న రైలు కూత వినిపిస్తే స్కూలుకి టైమైనట్టు. నౌపడ నుంచి గుణుపురం పోయే నేరోగేజి బండి అది. రెండున్నర అడుగుల పట్టాల మీద ఊగుతూ వెళ్లేది. వంపుల దగ్గర దిగి మళ్లీ ఎక్కొచ్చని మగపిల్లలు గొప్పలు చెప్పేవాళ్లు. ఎవరూ దిగగా నేను చూడలేదు. 2004లో దాన్ని ఆపేశారు, తర్వాత పెద్ద పట్టాలు వేశారు. నాకు గుర్తున్నది కూత మాత్రమే, పెట్టెల రంగు కూడా గుర్తు లేదు.

కారు ఆ చిన్న రైల్లోనే మా ఇంటికి వచ్చింది. అది నేను పుట్టక చాలా ముందు మాట. మా చిన్నతాతయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మా వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని. ఆయన ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చేవాడు. వచ్చే ముందు కలకత్తా వెళ్లి పిల్లలకి ఏదో ఒకటి కొనేవాడు. ఒక ఏడాది మావయ్యకి ఈ కారు తెచ్చాడు. అప్పుడు మావయ్యకి ఆరేళ్లో ఏడేళ్లో. నౌపడలో మెయిలు దిగి, చిన్న రైలు కోసం మూడు గంటలు కూర్చుని, ఆ మూడు గంటలూ కారు పొట్లాం విప్పకుండా పట్టుకున్నానని చిన్నతాతయ్య చచ్చేదాకా చెప్పుకున్నాడట.

కారు అడుగున ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నిక్కీ టాయ్స్, మేడ్ ఇన్ ఇండియా, జాగ్వార్ అని. అప్పట్లో ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాళ్లు తక్కువ. మొదటి మాట ఒకటే చదివి, కారు పేరు నిక్కీ అని తేల్చేశారు. నేను కూడా అదొక అమ్మాయి పేరే అనుకున్నాను. నా ఎనిమిదో ఏట క్లాసులోకి నికిత అనే పిల్ల వస్తే, ఆ పేరు ముందు మా కారుదని చెప్పి ఏడిపించాను.

నిక్కీ ఎప్పుడు పడితే అప్పుడు దొరికేది కాదు. ఏడాదికి నాలుగు రోజులు, సంక్రాంతి బొమ్మల కొలువులో. కింద మెట్టు మీద పప్పులు నింపిన గిన్నెలు, పైన ఏటికొప్పాక లక్క బొమ్మలు, మధ్యలో మా ఊరి కొమ్ము కొంగలు, రొయ్యలు. పశువుల కొమ్ముతో బొమ్మలు చెక్కడం పర్లాకిమిడి పేరు మోసిన పని. ఆ కొంగల పక్కన నీలం జాగ్వార్. ఆడవాళ్లు పేరంటానికి వచ్చి "కారెవరిదమ్మా" అంటే, "మా బాబుది, కలకత్తా నించి" అని అమ్మమ్మ మెల్లగా అనేది. మెల్లగా అంటేనే గొప్ప ఎక్కువ అని ఆవిడ లెక్క.

కొలువు ఎత్తేసిన రోజు మధ్యాహ్నం మాకు ఒక గంట ఇచ్చేది. నడవలో ఎర్ర గచ్చు. దాని మీద తోస్తే కారు గీఁ అనుకుంటూ గుమ్మం దాకా పోయేది. కారులో మాకు పిచ్చెక్కించిన విషయాలు రెండు. పైనుంచి ఒక పక్కకి వేలితో నొక్కితే ముందు చక్రాలు ఆ పక్కకి తిరిగేవి. ఇంకొకటి, వెనక డిక్కీ తెరుచుకునేది. అందులో మేం చింతగింజలు నింపేవాళ్లం. సరిగ్గా ఆరు పట్టేవి. ఏడోది పెడితే మూత పడదు. ఒకసారి తమ్ముడు ఏడోది బలవంతంగా నొక్కితే మూత కీలు వంగింది. ఆ దెబ్బకి మా ఇద్దరికీ రెండేళ్లు కారు దర్శనం లేదు.

*

ఎమ్మెస్సీకి లివర్‌పూల్ వెళ్లాను. మాన్యుఫ్యాక్చరింగ్ ఇంజనీరింగ్. అక్కడ మొదటి చలికాలం గురించి అందరూ రాసేదే, నేను రాయను. ఆదివారాలు ఖర్చు లేకుండా గడపాలంటే పాత సామాన్ల షాపుల్లో తిరగడం ఒక మార్గం. లోపల వెచ్చగా ఉంటుంది, ఏమీ కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు.

అలాంటి ఒక షాపులో, గాజు బీరువా మూడో అరలో నిక్కీ ఉంది.

అదే కారు. నీలం కొంచెం లేత, మెరుపు ఎక్కువ. కానీ అదే ముక్కు, అదే నడుం వంపు. ధర చీటీ మీద 35 పౌండ్లు. నాకు వారానికి సరిపోయే కూరగాయల డబ్బు. కౌంటర్ దగ్గరున్న ముసలాయన్ని అడిగితే తాళం తీసి ఇచ్చాడు. నేను ఆలోచించకుండానే పైకప్పు ఎడమ వైపు నొక్కాను. ముందు చక్రాలు తిరిగాయి. ఆయన నవ్వి, "ఇది తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ" అన్నాడు. డిక్కీ తెరిచాను. అందులో రెండు చిన్న సూట్‌కేసులు ఉన్నాయి, వేలిగోరంత.

నాకెందుకో అక్కడ గుండె ఆగింది. మా డిక్కీ చింతగింజల కోసం చేసింది కాదన్నమాట.

తిరగేసి చూశాను. జాగ్వార్ మార్క్ టెన్. మెకానో లిమిటెడ్, మేడ్ ఇన్ ఇంగ్లండ్. మొదటి మాట మాత్రం నిక్కీ కాదు, డింకీ. నిక్కీ, డింకీ, డిక్కీ. వరసగా అంటే నాకే నవ్వొచ్చింది. ఆయన అనుమతి తీసుకుని ఫోన్‌తో పైనుంచి, పక్కనుంచి, అడుగునుంచి, డిక్కీ లోపల, మొత్తం పదకొండు ఫొటోలు తీశాను. కొనలేదు.

ఆ రాత్రి గదిలో కలిసి ఉండే అమ్మాయికి ఫొటోలు చూపించి మా ఇంటి కథ చెప్పాను. తను అంతా విని, "అయితే మీది ఇండియన్ కాపీ అన్నమాట" అంది. మాట తప్పేమీ కాదు. కానీ మా అమ్మమ్మ మెల్లగా అన్న "కలకత్తా నించి" అనే మాట చెవిలో మోగింది. ఆ రాత్రి నుంచి నాకు పట్టుకున్న టెన్షన్ ఒకటే. మాది నకలా, కాదా?

*

డింకీ కథ దొరకడం కష్టం కాలేదు. లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో మెకానో కంపెనీ ఉండేది. ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టినది. బోల్టులతో బిగించే రేకు ముక్కల మెకానో సెట్లు, హార్న్‌బీ బొమ్మ రైళ్లు వాళ్లవే. బొమ్మ రైలు స్టేషన్ల పక్కన పెట్టుకోవడానికి చిన్న మనుషులు, బళ్లు చేయడం మొదలుపెట్టి, 1934 నాటికి ఆ బళ్లకి డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. మూడు దశాబ్దాలు ఇంగ్లండ్‌లో బొమ్మ కారుని డింకీ అనే అనేవాళ్లట, మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు. 1956లో పోటీ కంపెనీ కోర్గీ కిటికీలకి ప్లాస్టిక్ అద్దాలు పెట్టి కార్లు దించేసరికి డింకీ కూడా అద్దాలు, పక్కకి తిరిగే ముందు చక్రాలు, తెరుచుకునే డిక్కీలు పెట్టక తప్పలేదు. మా జాగ్వార్ ఆ పోటీలో పుట్టింది. 1962లో వచ్చింది. వాళ్ల జాబితాలో నంబరు 142.

నిక్కీ కథ మాత్రం మెల్లగా దొరికింది. పాత బొమ్మల వేలం జాబితాల్లో, సేకరించేవాళ్లు రాసుకున్న వివరాల్లో వెతికితే తెలిసింది ఇది. 1960ల చివర్లో, ఇంగ్లండ్‌లో పాతబడి ఆపేస్తున్న కొన్ని డింకీ నమూనాల అచ్చులు కలకత్తా చేరాయి. అక్కడ ఎస్. కుమార్ అండ్ కో అనే సంస్థ వాటితో కార్లు పోసి, నిక్కీ టాయ్స్ అని అమ్మింది. అప్పట్లో విదేశీ బొమ్మలు మన దేశానికి దిగుమతి చేసుకోవడం దాదాపు కుదరని పని. బొమ్మ రాకూడదు కానీ అచ్చు రావచ్చు. మార్క్ టెన్ జాగ్వార్ ఆ జాబితాలో ఉంది.

ఇక్కడితో తృప్తి పడొచ్చు. కానీ చదివినది ఒకటి, మన చేతిలో ఉన్నది ఒకటి. అప్పట్లో మన దగ్గర పేరున్న బొమ్మని చూసి కొత్త అచ్చు చేసుకునేవాళ్లూ ఉండేవాళ్లు. నిక్కీ అనే పేరు మీద ఇంకెవరో పోసి ఉండొచ్చు కదా. మా కారు బిన్స్ రోడ్డు అచ్చులోంచే వచ్చిందని ఎలా తెలుస్తుంది?

డిపార్ట్‌మెంట్ వర్క్‌షాపులో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవాడు. పోత పనిలోనే తల నెరిసినవాడు. ఆయనకి ఫొటోలు చూపించాను. మా డిక్కీ లోపల ఫొటో కూడా మావయ్య పంపాడు. రెండింటిలోనూ మూత కింద ఒకే చోట ఒక చిన్న గుండ్రని గుర్తు ఉంది. అచ్చులోంచి బొమ్మని బయటికి తోసే పిన్ను వదిలే మచ్చ అది. నేను దొరికిపోయింది అన్నట్టు సంబరపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మచ్చ కూడా కాపీ అవుతుంది. బొమ్మని పెట్టి దాని చుట్టూ అచ్చు తీస్తే మచ్చతో సహా వస్తుంది. కొలత చూడు" అన్నాడు.

ఇది నాకు క్లాసులో చెప్పిన పాఠమే, తట్టలేదు. ఈ కార్లు పోసేది జింకు మిశ్రమంతో. నూటికి తొంభైఆరు పాళ్లు జింకు, నాలుగు పాళ్లు అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం. అక్కడ దాన్ని మజాక్ అంటారు. సుమారు 390 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడితే క్షణంలో గడ్డకడుతుంది. చల్లారేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది, దాదాపు వెయ్యికి ఆరు వంతులు. అందుకే అచ్చు చెక్కేవాళ్లు ఆ ఆరు వంతులు ముందే కలిపి అచ్చుని పెద్దదిగా కోస్తారు. ఇప్పుడు ఎవరైనా తయారైన బొమ్మనే మూసగా పెట్టుకుని కొత్త అచ్చు తీశారనుకోండి. అందులో పోసిన కారు రెండోసారి ముడుచుకుంటుంది. అంటే నకలు ఎప్పుడూ అసలు కంటే కొంచెం పొట్టి. మన కారు పది సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి తేడా అర మిల్లీమీటరు దాటాలి. కంటికి ఆనదు, సన్నటి కొలతలు తీసే కాలిపర్‌కి ఆనుతుంది.

అంత సులువు కాదని ఆయన హెచ్చరించాడు. మూసని ముందే పెద్దది చేసి చెక్కితే ఈ లెక్క పనిచేయదు. కాబట్టి మచ్చ, కొలత రెండూ కలిస్తేనే నమ్మొచ్చు. మచ్చ కలిసింది. ఇక కొలత.

*

తర్వాతి ఆదివారం వర్క్‌షాపు డిజిటల్ కాలిపర్ బ్యాగులో పెట్టుకుని షాపుకి వెళ్లాను. ముసలాయన ముందు అనుమానంగా చూశాడు. సంగతి చెప్పాక కుర్చీ వేసి, మెత్తటి గుడ్డ పరిచాడు. ముందు అంచు నుంచి వెనక అంచు దాకా మూడుసార్లు కొలిచాను. 106.84, 106.88, 106.86 మిల్లీమీటర్లు. సగటు 106.86. నకలైతే మావయ్య దగ్గరున్నది 106.22 పరిసరాల్లో ఉండాలి.

కొలుస్తుంటే ఆయన చెప్పాడు, వాళ్లమ్మ బిన్స్ రోడ్డులో పనిచేసిందని. కార్లకి లోపలి సీట్లు, అద్దాలు కూర్చే బెంచీ మీద. ఇంటికొచ్చినా చేతులకి రంగు వాసన పోయేది కాదట. 1979 నవంబర్ చివర్లో ముందు చెప్పాపెట్టకుండా ఫ్యాక్టరీ మూసేశారని, కార్మికులు వెళ్లకుండా లోపలే బైఠాయించారని చెప్పాడు. అది నేను చదివాను కూడా. అప్పటికి కంపెనీ చేతులు మారింది. 1964లో లైన్స్ బ్రదర్స్ కొన్నారు, వాళ్లు 1971లో కూలిపోతే ఎయిర్‌ఫిక్స్ కొన్నది. డింకీ అనే పేరు ఆ తర్వాత మ్యాచ్‌బాక్స్‌కి, అక్కడి నుంచి మాటెల్‌కి పోయింది. పేరు మిగిలింది, ఫ్యాక్టరీ ఉన్న చోట మాత్రం ఫ్యాక్టరీ లేదు. నేను బస్సెక్కి వెళ్లి చూశాను. వాన పడుతోంది. చూడడానికేం లేదు, పది నిమిషాల్లో తిరుగు బస్సెక్కాను.

ఇక పర్లాకిమిడి కొలత. మావయ్య కో-ఆపరేటివ్ బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరైనవాడు. మొదట స్కూలు స్కేలు పెట్టి "పదిన్నర సెంటీమీటర్ల పైనే" అన్నాడు. అలా కాదు మావయ్యా, కాలిపర్ కావాలన్నాను. ఆయనకి ఒక స్నేహితుడున్నాడు, కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా చేసినాయన. ఆయన దగ్గర కాలిపర్ పనే చేసే పాత ఇనప వెర్నియర్ ఉంది. ఇద్దరూ వీడియో కాల్లో కూర్చున్నారు. వెనక అమ్మమ్మ మంచం మీద నుంచి "చీకటి పడిపోనాది, దీపం పెట్టినాక చూసుకోండి" అంటోంది. అప్పటికి ఆవిడ ఉంది.

మొదటి కొలత వచ్చింది. 106.50.

ఏమనాలి దానికి? అసలుకి 0.36 తక్కువ, నకలుకి 0.28 ఎక్కువ. ఎటూ కాని చోట ఆగింది. నేను మాట్లాడకపోయేసరికి మావయ్య మొహం చిన్నబోయింది. "నకలేనేటి?" అన్నాడు.

అప్పుడు అటెండరుగారే అడిగారు. "ఏ చోట పట్టుకుని కొలిచావు బాబూ? వెర్నియర్ మూతి చివర్లతోనా, లోపలి భాగంతోనా?" చివర్లతో. "మూసి, లైటుకేసి పెట్టి చూడు." దవడలు మూసి బల్బు కేసి పెడితే, లోపల అతుక్కున్నాయి కానీ చివర్లలో సన్నటి వెలుతురు గీత కనిపించింది. ఏళ్ల తరబడి పిల్లలు కింద పడేసి, దాంతో బల్లల మీద పేర్లు చెక్కి, మూతి అరగదీశారు. చివర్లలో ఖాళీ ఉంటే వస్తువు ఆ ఖాళీలో కూర్చుని అసలు కంటే పొట్టిగా కనిపిస్తుంది. ఇంజనీరింగు చదువుతున్నది నేను. అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆయన.

ఈసారి దవడల లోపలి భాగం మధ్య పట్టి కొలిచారు. 106.96. మళ్లీ, 106.94. మళ్లీ, 106.98.

లివర్‌పూల్ కారు కంటే పొట్టి కాదు, పదో వంతు మిల్లీమీటరు పొడుగు. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత రంగు గుర్తొచ్చింది. నిక్కీ కార్ల మీద రంగు డింకీ కంటే దట్టంగా ఉంటుందని సేకరించేవాళ్లు రాస్తారు. ముందొక పొర, వెనకొక పొర. రంగు మందం తేడా ఉంటే ఆ పదో వంతు అక్కడికే పోతుంది. లోహం మట్టుకు ఒకే అచ్చులోది.

"నకలు కాదు మావయ్యా," అన్నాను. ఇంకేం వివరించబోయినా ఆయన వినలేదు. లోపలికి తిరిగి "అమ్మా, మనది అసలే" అని అరిచాడు. "నానెప్పుడు కాదన్నాను" అంది అమ్మమ్మ.

*

ఒక భయం మాత్రం మిగిలింది. షాపులో ఆయన ఒక యుద్ధానికి ముందునాటి డింకీ లారీ చూపించాడు. పగుళ్లు తీసి, ఒళ్లంతా వంకర్లు తిరిగి, ముట్టుకుంటే రాలేలా ఉంది. జింకు మిశ్రమంలో సీసం కొంచెం కలిసినా, ఏళ్ల తర్వాత లోహం లోపలి నుంచే విచ్చిపోతుంది. దానికి మందు లేదు. మా కారు ఇరుసుల దగ్గర తెల్లటి పొడి ఉందని మావయ్య ఎప్పుడో అన్నాడు. అదే రోగమేమోనని నిద్ర పట్టలేదు. పరీక్ష తేలిక. తెల్ల పొడి పొడిగుడ్డతో తుడిస్తే పోయి, కింద లోహం నున్నగా ఉంటే అది మా ఊరి చెమ్మ చేసిన పని, పైపైది. సన్నటి పగుళ్ల వల కనిపించినా, మూత ముందులా కూర్చోకపోయినా, ఒళ్లు ఉబ్బినట్టున్నా రోగం. మావయ్య తుడిచి చూశాడు, నున్నగానే ఉంది. మూత సరిగా కూర్చోదు కానీ దానికి కారణం మా తమ్ముడు.

చదువైపోయే ముందు కొందామని షాపుకి వెళ్లాను. డబ్బు కూడబెట్టాను. మూడో అరలో ఒక అగ్నిమాపక బండి ఉంది. జాగ్వార్ పోయిన వారమే అమ్ముడైందట. ఫొటోలే మిగిలాయి.

*

సంవత్సరీకం రోజు ఇదంతా విన్నాక మావయ్య చాలాసేపు ఫోన్లో ఒకే ఫొటో చూస్తూ కూర్చున్నాడు. డిక్కీ ఫొటో.

"ఈ సూట్‌కేసులు ఎంతుంటాయి?"

వాటిని విడిగా కొలవలేదు, కానీ ఫొటోలో డిక్కీ వెడల్పు ఉంది, దాన్ని బట్టి లెక్క కట్టి చెప్పాను. మర్నాడు ఇద్దరం కొమ్ము పనివాళ్ల వీధికి వెళ్లాం. నా చిన్నప్పుడు ఆ వీధి మొదట్లోనే వెంట్రుకలు కాలిన వాసన కొట్టేది. కొమ్ముని నిప్పు సెగ మీద మెత్తబరిచి వంచుతారు, కొబ్బరినూనె రాసి మెరుగు పెడతారు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు కొద్దిమందే. మావయ్య ఫోన్ చూపిస్తే, మెడలో కళ్లద్దాలు వేలాడేసుకున్న పెద్దాయన ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. "దీనికి పిడి కూడా ఉండాలా?" అని అడిగాడు. ఉండాలన్నాడు మావయ్య.

నాలుగు రోజుల తర్వాత ఇచ్చాడు. ఒకటి నలుపు, ఒకటి తేనె రంగు. పిడులు కూడా ఉన్నాయి, వెంట్రుకంత సన్నగా. డిక్కీలో పెట్టాం. పక్కపక్కన సరిగ్గా కూర్చున్నాయి. మూత వేస్తే పడలేదు. పిడి తగులుతోంది.

"అరగదీయించాలి," అన్నాడు మావయ్య, సూట్‌కేసులు తీసి చొక్కా జేబులో వేసుకుంటూ. వంటింట్లోకి వెళ్లి, చింతపండు డబ్బాలోంచి గింజలు ఏరుకొచ్చి, ఒక్కొక్కటీ లెక్కపెడుతూ డిక్కీలో వేశాడు. ఆరు పట్టాయి.